అక్షరం రాని యాత్రికుడు అమరావతి శిల్పకథను చదివిన తీరు: సమగ్ర మార్గదర్శి

అమరావతిలోని పెద్ద బౌద్ధ స్తూపమైన మహాచైత్యం రాళ్ల మీద అక్షరాలు లేకపోలేదు. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన చిన్న చిన్న శాసనాలు అక్కడ చాలా దొరికాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం ఆ రాయిని ఎవరు దానం చేశారో చెప్పేవే తప్ప, రాయి మీది కథ ఏమిటో చెప్పేవి కావు. పూర్ణఘటం చెక్కిన ఒక పలక మీద, విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి దాన్ని సమర్పించాడని ఉంది. ఆ వాక్యం చదవగలిగిన పండితుడికి దాత పేరు తెలుస్తుంది. పక్క పలకలో మోకరిల్లిన ఏనుగు ఏ కథలోదో మాత్రం అతనికీ ఆ అక్షరాలు చెప్పవు. అందువల్ల లిపి తెలిసినవారూ తెలియనివారూ కథాశిల్పం ముందు దాదాపు సమానంగానే నిలబడ్డారు. ఇద్దరూ చదవవలసింది రాతినే.

ఆ చదువుకు ఒక పద్ధతి ఉంది, దాన్ని ఈనాడు కూడా నేర్చుకోవచ్చు. క్రీ.శ. 2వ శతాబ్దం నాటి అమరావతి శిల్పాలను ఆధారంగా తీసుకుని ఆ పద్ధతిని మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను. ఈ శిల్పాలు నేడు ప్రధానంగా చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, అమరావతిలోని పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. వీటిలో ఎక్కడికి వెళ్లినా ఈ మెట్లు పనికివస్తాయి.

మొదటి మెట్టు: ఆ రాయి చైత్యంలో ఎక్కడ నిలిచి ఉండేదో పోల్చుకోవాలి

మ్యూజియంలో రాళ్లన్నీ గోడ వెంబడి వరసగా నిలబెట్టి ఉంటాయి. ఆనాటి యాత్రికుడికి అవి అలా కనిపించలేదు. సుమారు 50 మీటర్ల అడ్డుకొలత గల చైత్యం మధ్యలో ఉండేది. దాని గుమ్మటమైన అండం కింద మేధి అనే గుండ్రని పీఠం, ఆ పీఠానికి తాపడంగా శిల్పపు పలకలు ఉండేవి. చుట్టూ కొంత ఎడంగా రాతి ప్రాకారం ఉండేది. ప్రాకారానికీ మేధికీ నడుమ ప్రదక్షిణ మార్గం. ఆ దారిలో నడిచే మనిషికి రెండు పక్కలా శిల్పాలే.

కాబట్టి ఒక రాయిని చూడగానే మొదట అడగవలసిన ప్రశ్న, ఇది ప్రాకారంలోనిదా, మేధి తాపడంలోనిదా అన్నది. పోల్చుకోవడం కష్టం కాదు. ప్రాకారపు కంభానికి నడుమ ఒక పూర్తి పద్మం, పైనా కిందా అర్ధపద్మాలు ఉంటాయి. రెండు అంచుల్లోనూ అడ్డపట్టెలు దూర్చడానికి కంటి ఆకారంలో తొలిచిన గాళ్లు కనిపిస్తాయి. అడ్డపట్టె మీద ఒకే పెద్ద గుండ్రటి పతకం ఉంటుంది. ఈ రెంటికీ ముందూ వెనకా రెండు వైపులా చెక్కడం ఉండడం సాధారణం. మేధి పలక అలా కాదు. అది గోడకు ఆనించిన రాయి గనుక చెక్కడం సాధారణంగా ఒకవైపే ఉంటుంది, వెనుక వైపు నునుపు చేయకుండా వదిలేస్తారు. వీలైతే రాయి పక్కకు వెళ్లి వెనుక భాగం చూడండి, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రాకారానికి బయటి ముఖం, లోపలి ముఖం అని రెండున్నాయి. బయటి ముఖం మీద పద్మాల పాలు ఎక్కువ. కథలు ఎక్కువగా లోపలి ముఖం మీద, అంటే ప్రదక్షిణ చేసేవారికి కనిపించేలా ఉన్నాయి. ఊరి నుంచి వచ్చేవాడికి ముందు పువ్వులు, లోపలికి అడుగుపెట్టాక కథలు.

రెండవ మెట్టు: కథ ఏ వైపు నుంచి మొదలవుతుందో కాళ్లతో తేల్చుకోవాలి

ఎడమ నుంచి కుడికి చదవడం మనకు అక్షరాలు నేర్పిన అలవాటు. బ్రాహ్మీ కూడా ఎడమ నుంచి కుడికే సాగుతుంది. అక్షరం రాని యాత్రికుడికి ఆ అలవాటు లేదు. అతని చూపు ఎటు సాగాలో నిర్ణయించింది అతని నడక.

ప్రదక్షిణలో చైత్యం ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండాలి. అలా నడుస్తూ ఎడమకు తిరిగి ప్రాకారాన్ని చూడండి. మీరు ముందుకు సాగే దిక్కు ఇప్పుడు మీ కుడి పక్కన ఉంటుంది. ప్రతి శిల్పంలోనూ ఎడమ అంచు ముందు ఎదురై, కుడి అంచు తర్వాత వస్తుంది. ఇప్పుడు అదే నడకలో కుడికి తిరిగి మేధి పలకలను చూడండి. ఈసారి మీరు సాగే దిక్కు మీ ఎడమ పక్కకు మారింది. పలక కుడి అంచు ముందు, ఎడమ అంచు తర్వాత. అంటే ఒకే దారిలో నడుస్తున్న మనిషికి ఒక పక్క కథ ఎడమ నుంచి కుడికీ, మరో పక్క కుడి నుంచి ఎడమకీ సాగడమే సహజం. ఇంట్లో గది మధ్యలో ఒక కుర్చీ వేసి, దానికి కుడిచేయి ఉంచి ఒక్క చుట్టు నడిచి చూస్తే ఈ మాటలో సందేహం ఉండదు. బొమ్మ గీసి ఆలోచించడం కంటే ఇదే తేలిక.

ఇది చాలామంది తప్పే చోటు. మేధి పలకను పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి మొదలుపెడితే ఫలితం ముందు, కారణం తర్వాత వస్తాయి. కథ తలకిందులైనట్టు అనిపించగానే శిల్పి క్రమం పాటించలేదని అనుకోకండి, ముందు మీరు నిలబడిన దిక్కు సరిచూసుకోండి.

అయితే నడక దిక్కు ఒక మొదటి ఊహ మాత్రమే. దాన్ని పాటించని శిల్పాలు చాలా ఉన్నాయి. మధ్యభారతంలోని భార్హుత్ స్తూప ప్రాకారం మీద, బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన రురుజాతకపు పతకం అలాంటిదే. అందులో కింది భాగాన నది ఉంది, మునిగిపోతున్న మనిషిని జింక వీపు మీద మోసుకొస్తోంది. పైన ఒక పక్క రాజు విల్లు ఎక్కుపెట్టాడు. నడుమ అదే రాజు జింకకు చేతులు జోడించి నిలబడ్డాడు. ఇక్కడ క్రమం కుడి ఎడమల్లో లేదు. నది ఉన్న చోట నది సంఘటన, అడవి ఉన్న చోట అడవి సంఘటన. కథ ముగిసే సన్నివేశానికి వృత్తం నడిబొడ్డు దక్కింది.

మూడవ మెట్టు: మనిషి కంటే ముందు చోటును గుర్తించాలి

మొహాలను బట్టి పాత్రలను గుర్తుపట్టడానికి ప్రయత్నించకండి. అమరావతి శిల్పంలో రాజు మొహానికీ మంత్రి మొహానికీ పెద్ద తేడా ఉండదు. తేడాలన్నీ చోటును సూచించే గుర్తుల్లో ఉన్నాయి. తోరణంతో కూడిన ద్వారం ఉంటే పట్టణం. వంపు కప్పు, కిటికీల్లోంచి తొంగిచూసే తలలు ఉంటే వీధి లేదా రాజభవనం. అలల గీతలూ చేపలూ ఉంటే నీళ్లు. చెట్టు చుట్టూ చిన్న ప్రాకారం కట్టి ఉంటే అది పూజలందుకునే చెట్టు.

చెట్ల విషయంలో ఆ యాత్రికుడు మనకంటే మంచి చదువరి. ఆకు కొన చూసి రావిని, కొమ్మల తీరు చూసి మర్రిని, పూలు చూసి సాలవృక్షాన్ని వేరుచేయగలగడం పశువుల వెంట తిరిగినవారికి విద్య కాదు, రోజువారీ సంగతి. బౌద్ధుల నమ్మకంలో గౌతముడికి ముందు వెలసిన ఒక్కొక్క బుద్ధుడికి ఒక్కొక్క బోధివృక్షం ఉంది. రావి అయితే గౌతముడు, మర్రి అయితే కాశ్యపుడు. ఆకును సరిగా చూసినవాడు ఎవరి కథో అక్కడే తెలుసుకుంటాడు.

నాలుగవ మెట్టు: కనిపించని బుద్ధుణ్ణి గుర్తుల ద్వారా పట్టుకోవాలి

తొలి శిల్పాల్లో బుద్ధుడికి మనిషి రూపం ఇవ్వలేదు. అతను ఉన్న చోట ఖాళీ ఆసనం, పాదముద్రలు, ధర్మచక్రం, రావిచెట్టు, అతని మరణమైన మహాపరినిర్వాణానికి స్తూపం కనిపిస్తాయి. అమరావతిలో అగ్నిజ్వాలల స్తంభం కూడా ఇలాంటి గుర్తే. తర్వాతి దశలో మనిషి రూపం వచ్చింది గానీ గుర్తులు మాయం కాలేదు, రెండూ పక్కపక్కనే సాగాయి.

దీనికి నియమం ఒక్కటే. చుట్టూ ఉన్న చూపులన్నీ, జోడించిన చేతులన్నీ ఒక ఖాళీ చోటువైపు తిరిగి ఉంటే ఆ చోటు ఖాళీ కాదు. సాంచీ తూర్పు తోరణం నడిమి దూలం మీద సిద్ధార్థుడు ఇల్లు వదిలి వెళ్లే ఘట్టం దీనికి మంచి ఉదాహరణ. కపిలవస్తు ద్వారం నుంచి గుర్రం బయలుదేరి, అదే గుర్రం మళ్లీ మళ్లీ కనిపిస్తూ కుడికి సాగుతుంది. జీను మీద ఎవరూ లేరు, అయినా పైన గొడుగు పట్టి ఉంది. చివర పాదముద్రల దగ్గర సేవకుడు మోకరిల్లుతాడు. ఆ తర్వాత గుర్రం వెనక్కి తిరుగుతుంది, ఈసారి దాని మీద గొడుగు లేదు. గొడుగు ఉన్నంతసేపు రౌతు ఉన్నాడు, గొడుగు పోయింది కాబట్టి రౌతు దిగిపోయాడు. గొడుగు ఎవరికి పడతారో తెలిసిన మనిషికి ఇది అర్థం కావడానికి ఏ లిపీ అక్కరలేదు.

ఐదవ మెట్టు: కథ పేరు చెప్పే ఒకే ఒక్క ఆనవాలు వెతకాలి

ప్రతి కథాశిల్పంలోనూ మరే కథలోనూ రాని వస్తువో, పనో ఒకటి ఉంటుంది. జగ్గయ్యపేట పలక మీద ఒక చక్రవర్తి చేయి పైకెత్తి నిలబడగా మేఘాల నుంచి నాణేల వాన కురుస్తోంది. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, మరో ఇద్దరు ఉన్నారు. రాజులందరికీ ఏనుగులూ రాణులూ ఉంటారు, నాణేల వాన మాంధాతకే ఉంది. పల్నాటి గోలి పలక మీద వెస్సంతర జాతకంలో యువరాజు ఏనుగును దానమిచ్చేటప్పుడు కొమ్ము చెంబుతో ఎదుటివాడి చేతిలో నీళ్లు ధారపోస్తాడు. భార్హుత్‌లో అనాథపిండికుడనే వర్తకుడు జేతవనమనే తోటను బుద్ధుడికి సమర్పించేటప్పుడు కూడా అతని చేతిలో అలాంటి చెంబే ఉంది. కన్యాదానంలో ధారపోయడం చూసిన తెలుగువారికి ఇందులో వివరించవలసింది ఏమీ లేదు. నీళ్లు చేతిలో పడ్డాయంటే దానం పూర్తయింది, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆనవాలు దొరికేవరకు కథ పేరు చెప్పకండి. ఏనుగు కనిపించగానే బుద్ధుడి తల్లి మాయాదేవికి వచ్చిన కల అనడం, జింక కనిపించగానే బుద్ధుడు తొలి ఉపదేశం చేసిన సారనాథ్ అనడం ఈ చదువులో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

పద్ధతిని ఒక మేధి పలక మీద ప్రయోగించడం

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి పలకను తీసుకుందాం. అందులో నాలుగు గళ్లున్నాయి, పైన రెండు, కింద రెండు. ఇది మేధి తాపడం కాబట్టి పైవరసలో కుడి గడితో మొదలుపెట్టాలి. అక్కడ మంచం మీద ఒక రాణి నిద్రపోతోంది. చుట్టూ పరిచారికలు కూడా నిద్రలోనే ఉన్నారు, మూలల్లో నలుగురు మేలుకుని కాపలా కాస్తున్నారు. ఆ నలుగురు నాలుగు దిక్కులను కాచే దేవతలైన లోకపాలకులు. లోపలివాళ్లందరూ నిద్రపోతుండగా మేలుకున్నవాళ్లు మనుషులు కాలేరన్నది యాత్రికుడు చేసే తర్కం. దాని ఎడమ గడిలో రాజసభ ఉంది, కలకు అర్థం చెప్పేవాడు కూర్చుని ఉన్నాడు.

చూపు కిందికి దిగి మళ్లీ కుడి నుంచి మొదలవుతుంది. రాణి ఇప్పుడు చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడింది. పక్కన దేవతలు పొడవాటి గుడ్డను చాచి పట్టుకున్నారు. గుడ్డలో బిడ్డ లేడు, చిన్న చిన్న పాదముద్రలు ఉన్నాయి. నాలుగవ మెట్టులో చెప్పిన నియమం ఇక్కడ పనిచేస్తుంది. పుట్టినవాడు బుద్ధుడు కాబోయేవాడు, అందుకే పాదాలే అతని రూపం. చివరి ఎడమ గడిలో బిడ్డను శాక్యుల కులదేవతైన యక్షుడి దగ్గరికి తీసుకువెళ్లారు. ఆచారం ప్రకారం బిడ్డ దేవతకు మొక్కాలి. శిల్పంలో యక్షుడే గద్దె నుంచి లేచి గుడ్డలోని పాదముద్రలకు వంగి నమస్కరిస్తున్నాడు. పురిటి తర్వాత బిడ్డను గ్రామదేవత గుడికి తీసుకువెళ్లే తల్లికి ఈ గడి ఇచ్చే అర్థం ఎంత బలమైనదో ఊహించండి. ఎవరికి ఎవరు మొక్కుతున్నారన్న ఒక్క మార్పుతో ఆ బిడ్డ ఎవరో తేలిపోయింది.

ఇదే పలకను ఎడమ నుంచి మొదలుపెట్టి చూడండి. కలకు అర్థం చెప్పాక కల వస్తుంది, బిడ్డను గుడికి తీసుకువెళ్లాక కాన్పు జరుగుతుంది.

ప్రాకారపు పతకం మీద మరొకటి

చెన్నైలో ఉన్న, నాలాగిరి అనే ఏనుగు కథ చెక్కిన పతకం మీటరు కంటే కొంచెం తక్కువ అడ్డుకొలత గల గుండ్రటి శిల్పం. ప్రాకారంలోనిది, కాబట్టి ఎడమ నుంచి చూడాలి. ఎడమ వైపు ద్వారంలోంచి ఒక ఏనుగు దూసుకువస్తోంది, ఒక మనిషిని తొండంతో పట్టేసింది. దారిలో ఉన్నవాళ్లు వెనక్కి ఒరిగిపోతున్నారు, ఒక స్త్రీ పక్కనున్న మనిషిని భయంతో హత్తుకుంది. పైన కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. కుడి వైపు అదే ఏనుగు మోకాళ్ల మీద వంగి ఉంది, ఎదురుగా బుద్ధుడు భిక్షువులతో నిలబడ్డాడు.

ఇవి రెండు ఏనుగులు కావని యాత్రికుడికి ఎలా తెలుస్తుంది? కింద వీధి ఒకటే, పైన కిటికీల వరస ఒకటే. చోటు మారలేదు గనుక మారింది కాలం. ఎడమ సగంలో ప్రతి ఒళ్లూ ఏనుగుకు దూరంగా ఒరిగి ఉంది, కుడి సగంలో ఆ ఒరుగు ఆగిపోయి అందరూ నిటారుగా నిలబడ్డారు. కథ మలుపు తిరిగిన క్షణాన్ని శిల్పి ఏనుగులో కంటే చుట్టూ ఉన్నవారి నడుముల్లో ఎక్కువగా చూపించాడని నా అభిప్రాయం. పతకం ముందు నిలబడినప్పుడు ఏనుగును కాసేపు మరచి, మనుషుల ఒరుగును మాత్రమే ఎడమ నుంచి కుడికి గమనించండి.

బుద్ధుడి మీద పగబట్టిన దేవదత్తుడు మావటీలను పురికొల్పి, కల్లు తాగించిన ఏనుగును రాజగృహ నగర వీధిలోకి వదిలించాడన్న సంగతి మాత్రం ఈ పతకంలో లేదు. దేవదత్తుడే లేడు. ఏనుగుకు మదమెక్కిందని తెలుస్తుంది గానీ ఎందుకు ఎక్కిందో తెలియదు.

ఆరవ మెట్టు: చెవితో విన్నది జోడించాలి

ఈ లోటే అసలు విషయానికి దారి చూపిస్తుంది. కథ బొత్తిగా తెలియని మనిషికి కథను మొదటి నుంచి చెప్పడం కోసం ఈ శిల్పాలు చెక్కలేదు. విన్నవాడికి గుర్తుచేయడానికి, వినబోయేవాడికి చూపించడానికి చెక్కారు. చెప్పేవారు వేరే ఉన్నారు. భార్హుత్ దానశాసనాల్లో భాణకులు, అంటే గ్రంథాలను కంఠస్థం చేసి వినిపించే భిక్షువులు, దాతలుగా కనిపిస్తారు. దివ్యావదానమనే బౌద్ధ కథల సంకలనంలో ఇంకా స్పష్టమైన మాట ఉంది. విహార ద్వారం దగ్గర జనన మరణాల చక్రమైన భవచక్రం చిత్రించాలని, వచ్చేపోయే బ్రాహ్మణులకూ గృహస్థులకూ దాన్ని వివరించడానికి ఒక భిక్షువును నియమించాలని అందులో చెప్పారు. అది రంగుల చిత్రం గురించిన మాట, అమరావతి రాళ్ల గురించినది కాదు. అయినా బొమ్మ పక్కన మనిషి నిలబడి చెప్పడం బౌద్ధ విహారాల్లో ఏర్పాటు చేసుకున్న పద్ధతేనని దాని వల్ల తెలుస్తుంది.

అందువల్ల మీరు కూడా శిల్పం ముందుకు కథ తెలియకుండా వెళ్లకండి. ముందు రోజు నాలాగిరి కథనూ, వెస్సంతర కథనూ, మాంధాత కథనూ ఎవరిచేతైనా చదివించుకుని వినండి. విన్న కథను శిల్పంలో వెతకడం వేరు, శిల్పాన్ని చూసి కథను ఊహించడం వేరు. యాత్రికుడు చేసింది మొదటిది. ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు శిల్పం చూస్తుండగా మరొకరు కథ చెబితే ఏ వాక్యం దగ్గర కళ్లు ఎక్కడికి వెళుతున్నాయో గమనించవచ్చు.

ఏడవ మెట్టు: చదువు తప్పిందో లేదో పరీక్షించాలి

చదవడం పూర్తయ్యాక, మీరు చెప్పిన కథలో ఇమడని వస్తువు ఏదైనా మిగిలిందా అని చూసుకోండి. మాయాదేవి కల అని చెప్పి మేలుకుని ఉన్న నలుగురిని వివరించలేకపోతే మీ చదువు సగమే. రెండవ పరీక్ష, రెండు చోట్ల కనిపించేది ఒకే పాత్రేనా అని. రెండుసార్లు కనిపించే మనిషి రెండు చోట్లా అవే గుర్తులతో ఉండాలి. గుర్తులు కలవకపోతే వాళ్లిద్దరు.

అయినా తేలని శిల్పాలు ఉంటాయి. ఖాళీ ఆసనం, దానికి నమస్కరిస్తున్న స్త్రీపురుషులు, పైన చెట్టు మాత్రమే ఉంటే అది ఒక సంఘటనో, ఆ చోటుకు యాత్రికులు చేసే పూజో శిల్పం నుంచే చెప్పలేం. భార్హుత్ శిల్పులు చాలా చోట్ల కథ పేరు పక్కనే చెక్కారు. జేతవన దానపు శిల్పం మీద అనాథపిండికుడు కోట్ల నాణేలు పరిచి ఆ తోటను కొని ఇచ్చాడని రాసే ఉంది. అమరావతిలో ఆ సాయం బాగా తక్కువ.

ఇంకో ఇబ్బంది రాళ్లకు పట్టిన గతి వల్ల వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో కొత్త పట్టణం కట్టడం కోసం చైత్యం శిథిలాలు మిగిలిన దిబ్బను తవ్వారు, పలకలను కట్టడాలకు వాడారు, సున్నం కోసం కాల్చారు. బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1798 ప్రాంతంలో అక్కడికి చేరేసరికే నష్టం మొదలైంది. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసుకూ, ఆపైన చాలావరకు లండన్‌కూ వెళ్లాయి. ఒక్కో పలకలోని క్రమాన్ని మనం తిరిగి పట్టుకోగలం. ఏ పలక పక్కన ఏది ఉండేదో, ఒక కథ ముగిసిన నాలుగు అడుగుల తర్వాత యాత్రికుడికి ఏ కథ ఎదురయ్యేదో చాలా చోట్ల పోయింది. కాబట్టి మ్యూజియంలో పక్కపక్కనే ఉన్న రెండు రాళ్లను ఒకే కథలోని ముందు వెనకల భాగాలుగా ఎప్పుడూ కలిపి చదవకండి. పరిచయ పలక మీద అవి రెండూ ఒకే చోట దొరికాయని స్పష్టంగా ఉంటే తప్ప, ప్రతి రాయినీ విడిగా, మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి.